పీపీఎఫ్ కిస్తీ ఒకటో తారీఖున కట్టాలా, నెలాఖరున కట్టాలా? తేడా ఎంతో మీరే లెక్క తేల్చుకోండి

మా మరదలు మల్కాజ్‌గిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. జీతం ఏడో తారీఖున పడుతుంది, ఎనిమిదిన ఐదు వేలు పదిహేనేళ్ల ప్రభుత్వ పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో వేస్తుంది. స్టాఫ్ రూమ్‌లో ఎవరో "ఐదో తారీఖు దాటాక వేస్తే లక్షలు పోతాయి" అన్నారట. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "బావా, నిజంగా లక్షలు పోతాయా?" అని అడిగింది. పోవు అన్నాను. మరి ఎంత పోతుంది అంటే వెంటనే చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లుగా అకౌంట్సు రాస్తున్నవాణ్ని, కాస్త సిగ్గేసింది. ఆ ఆదివారం మా చిక్కడపల్లి ఇంట్లో కాగితం, పెన్ను ముందేసుకుని కూర్చుని తేల్చాం. ఆ లెక్కనే మెట్టు మెట్టుగా ఇక్కడ రాస్తున్నాను. కిస్తీ ఐదు వేలు కాకపోయినా అంకె మార్చుకుంటే మీకూ పనికొస్తుంది.

ముందు కాగితం మీద మూడు నెలలు వేసి చూడండి

పదిహేనేళ్ల లెక్కతో మొదలుపెడితే తల తిరుగుతుంది. మూడు నెలలు చాలు. కిస్తీ వెయ్యి రూపాయలు, వడ్డీ నూటికి నెలకు రూపాయి అనుకోండి. మన ఊళ్లలో చేబదుళ్లకు చెప్పుకునే "రూపాయి వడ్డీ" అదే. ఏ నెల వడ్డీ ఆ నెల అసలులో కలుస్తుంది.

ఒకరు నెల మొదట్లో, అంటే జూన్ 1, జూలై 1, ఆగస్టు 1 తారీఖుల్లో వేశారు. ఇంకొకరు నెలాఖరున, అంటే జూన్ 30, జూలై 31, ఆగస్టు 31న వేశారు. ఇద్దరూ వేసింది మూడేసి వేలే. ఆగస్టు 31 సాయంత్రం ఇద్దరి ఖాతాలూ చూద్దాం.

మొదటివారి జూన్ వెయ్యి మూడు నెలలు పెరిగి 1,030.30 అయింది. జూలైది రెండు నెలలకు 1,020.10, ఆగస్టుది ఒక నెలకు 1,010. మొత్తం 3,060.40. రెండోవారికి జూన్ 30 నాటిది రెండు నెలలకు 1,020.10, జూలై 31 నాటిది 1,010, ఆగస్టు 31న వేసింది వెయ్యికి వెయ్యి. మొత్తం 3,030.10. తేడా 30 రూపాయల 30 పైసలు.

ఇప్పుడు ఆ రెండు వరసలనూ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. రెండోవారు జూన్ 30న వేసింది, మొదటివారు జూలై 1న వేసింది దాదాపు ఒకటే. మధ్యలో ఉన్నది ఒక్క రాత్రి. జూలై 31, ఆగస్టు 1 కూడా అంతే. ఆ జతలు కొట్టేస్తే మిగిలేవి రెండే కిస్తీలు: మొదటివారు జూన్ 1న వేసినది, రెండోవారు ఆగస్టు 31న వేసినది. ఒకటి మూడు నెలలూ పెరిగింది, ఇంకోటి అసలు పెరగలేదు. ఆ ఒక్క వెయ్యి మూడు నెలల్లో తెచ్చిన వడ్డీ 30.30. మనకు వచ్చిన తేడా సరిగ్గా అదే.

నేను ఇన్నేళ్లూ దీన్ని "ప్రతి కిస్తీకీ ఒక నెల వడ్డీ ఎక్కువ వస్తుంది" అనే చెప్పుకుంటూ వచ్చాను. అది తప్పేమీ కాదు. కానీ అలా చెప్పుకుంటే నూట ఎనభై కిస్తీలకూ ఏదో పెద్ద మొత్తం పోతున్నట్టు అనిపిస్తుంది. స్టాఫ్ రూమ్‌లో లక్షల మాట పుట్టింది అక్కడే అయ్యుంటుంది. నిజానికి ఎన్నేళ్లు కట్టినా రెండు పద్ధతుల మధ్య తేడా ఒకే ఒక్క కిస్తీ మొత్తం గడువులో సంపాదించే వడ్డీ. ఇది పట్టుకుంటే మిగతా లెక్కంతా సులువు.

మీ ఖాతాలో "నెల మొదలు" అంటే ఏ తారీఖో తెలుసుకోండి

క్యాలెండర్‌లో నెల ఒకటిన మొదలైనా ఖాతాల లెక్క ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. పీపీఎఫ్ నియమం ప్రకారం, ఐదో తారీఖు ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న నిల్వల్లో ఏది అతి తక్కువో, ఆ నెల వడ్డీ దాని మీదే కడతారు. కాబట్టి ఐదు లోపు పడిన డబ్బుకు ఆ నెల వడ్డీ వస్తుంది. ఆరున పడినా, ఇరవై తొమ్మిదిన పడినా ఆ నెలకు సున్నా, వడ్డీ వచ్చే నెల నుంచే. పీపీఎఫ్ దృష్టిలో ఒకటి నుంచి ఐదు దాకా నెల మొదలు, ఆరు నుంచి అంతా నెలాఖరే. ఆడపిల్లల పేరు మీద తెరిచే సుకన్య సమృద్ధి ఖాతాకూ ఇదే ఐదో తారీఖు నియమం.

మా మరదలికి ఇక్కడే ఇంకో సంగతి తెలిసింది. ఆమె ఎనిమిదో తారీఖున వేసినా, ఆ డబ్బు దగ్గర పెట్టుకుని మరుసటి నెల ఒకటిన వేసినా పీపీఎఫ్‌లో వచ్చే వడ్డీలో పైసా తేడా లేదు. రెండింటికీ వడ్డీ మరుసటి నెల నుంచే మొదలవుతుంది. "అంటే ఇన్నాళ్లూ ఎనిమిదిన పరిగెత్తి వేసి బాగుపడిందేమీ లేదా?" అంది. లేదు. పైగా ఆ ఇరవై నాలుగు రోజులూ సేవింగ్స్ ఖాతాలో ఉంచితే, ఏడాదికి 2.5 శాతం చొప్పున ఐదు వేలకు ఎనిమిది రూపాయల చిల్లర వచ్చేది. అయితే చేతిలో ఉంటే ఖర్చైపోతుందని భయపడేవాళ్లు ఎనిమిదినే వేసేయడం మంచిది. ఎనిమిది రూపాయల కోసం ఐదు వేలు పోగొట్టుకోకూడదు.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ సంగతి వేరు. నెలలో 15వ తారీఖు లోపు తెరిచిన ఖాతాకు ప్రతి నెలా 15 దాకా, 16 నుంచి నెలాఖరు లోపు తెరిచినదానికి నెలలో చివరి పనిదినం దాకా గడువు ఉంటుంది. ఆ గడువులో ఒకటిన కట్టినా పద్నాలుగున కట్టినా చివర్లో వచ్చే మొత్తం ఒకటే. గడువు దాటితే మాత్రం నూటికి రూపాయి చొప్పున జరిమానా. కాబట్టి ఆర్‌డీ కట్టేవాళ్లు ఐదో తారీఖు టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు.

మా నాన్నగారి తరంవాళ్లు కొందరు ఇప్పటికీ పదో తారీఖు లోపు బ్యాంకులో డబ్బు వేయాలంటారు. అది చాదస్తం కాదు. 2010 మార్చి దాకా సేవింగ్స్ ఖాతాల వడ్డీ పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ మీదే కట్టేవారు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజు వడ్డీ లెక్కిస్తున్నారు. నియమం పోయినా అలవాటు మిగిలింది.

ఇప్పుడు పదిహేనేళ్ల లెక్క

పీపీఎఫ్ వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతంగానే ఉంటూ వచ్చింది, లెక్కకు అదే తీసుకుందాం. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక పదిహేనేళ్లు నడుస్తుంది కాబట్టి, తెరిచిన ఏడాదిని పక్కన పెట్టి ఆ తర్వాతి పదిహేను పూర్తి ఏళ్లు చూద్దాం.

ఒక మెలిక గుర్తుంచుకోండి. పీపీఎఫ్‌లో వడ్డీని నెలనెలా లెక్కిస్తారు గానీ నెలనెలా అసలులో కలపరు. మార్చి 31న ఒక్కసారే కలుపుతారు. అంటే ఏడాది లోపల బారువడ్డీ, ఏడాదికోసారి చక్రవడ్డీ.

నెలకు ఐదు వేలు ఐదో తారీఖు లోపు వేస్తే, ఏప్రిల్ కిస్తీకి పన్నెండు నెలల వడ్డీ, మే కిస్తీకి పదకొండు, అలా తగ్గుతూ మార్చి కిస్తీకి ఒకటి. 12 నుంచి 1 దాకా కూడితే 78 నెలలు, అంటే ఆరున్నర ఏళ్లు. ఐదు వేల మీద ఆరున్నర ఏళ్ల బారువడ్డీ 7.1 శాతం చొప్పున 2,307.50. ఆ ఏడాది వేసిన అరవై వేల మీద వచ్చే వడ్డీ ఇది.

ఐదు దాటాక వేస్తే ఏప్రిల్ కిస్తీకి పదకొండు నెలలే, మార్చి కిస్తీకి సున్నా. 11 నుంచి 0 దాకా కూడితే 66 నెలలు, అంటే ఐదున్నర ఏళ్లు. వడ్డీ 1,952.50. ఏడాదికి తేడా 355 రూపాయలు. ఐదు వేల మీద ఒక ఏడాది వడ్డీ కూడా 355 రూపాయలే. మూడు నెలల లెక్కలో కనిపించిన ఆ ఒక్క కిస్తీ మళ్లీ ఇక్కడా ఎదురైంది.

ఏడాదికి 355 చొప్పున పదిహేనేళ్లు చక్రవడ్డీతో పెంచితే 8,990 అవుతుంది. మొత్తాలు చూస్తే ఐదు లోపు వేసినవారికి సుమారు 15,77,840 రూపాయలు, ఐదు దాటాక వేసినవారికి సుమారు 15,68,850. ఇద్దరూ జేబులోంచి వేసింది తొమ్మిది లక్షలే.

కిస్తీల జతలు కొట్టేసే పద్ధతిలో సరిచూడండి. ఐదు వేలు 7.1 శాతం చక్రవడ్డీతో పదిహేనేళ్లలో 13,990 అవుతుంది. అందులో అసలు తీసేస్తే 8,990. రెండు దారుల్లో వెళ్లినా అక్కడికే చేరాం.

మీ కిస్తీకి ఈ లెక్క చేయాలంటే ఇంకా సులువు. రేటు 7.1గా ఉన్నంత కాలం, పదిహేనేళ్ల తేడా మీ నెల కిస్తీకి 1.8 రెట్లు. వెయ్యి కడితే 1,800. పన్నెండున్నర వేలు కడితే 22,500 దగ్గర.

మరి స్టాఫ్ రూమ్‌లో విన్న "లక్షలు" పూర్తిగా కల్పనేనా అంటే, కాదు. అది వేరే లెక్క. ఏడాదికి ఒకేసారి లక్షన్నర వేసేవాళ్లున్నారు. వాళ్లు ఏప్రిల్ 5 లోపు వేస్తే పదిహేనేళ్లకు సుమారు 40.68 లక్షలు. ఆఫీసులో పన్ను కాగితాలు అడిగే దాకా ఆగి మార్చి చివర్లో వేస్తే సుమారు 37.98 లక్షలు. తేడా దాదాపు 2.70 లక్షలు. సూత్రం అదే, ఒక్క కిస్తీ మొత్తం గడువులో తెచ్చే వడ్డీ. కాకపోతే ఇక్కడ ఆ ఒక్క కిస్తీ లక్షన్నర. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో జనవరి నుంచి మొదలయ్యే పన్ను హడావిడి చూసినప్పుడల్లా నాకు ఈ 2.70 లక్షలు గుర్తొస్తాయి. నెలనెలా కట్టేవాళ్లకు ఐదో తారీఖు చిన్న విషయం. ఏడాదికోసారి కట్టేవాళ్లకు ఏప్రిల్ పెద్ద విషయం. ఈ రెండూ కలిసిపోయి ఒకే పుకారైంది.

ఫోన్‌లో లెక్క వేసేటప్పుడు ఈ రెండు పొరపాట్లు చేయకండి

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ `FV` అనే ఫంక్షన్ ఉంది. మన మూడు నెలల లెక్కకు ఇలా రాయాలి:

```
=FV(0.01,3,-1000,0,1)
=FV(0.01,3,-1000,0,0)
```

మొదటిదానికి 3060.40, రెండోదానికి 3030.10 వస్తుంది. చివరి అంకె 1 అయితే నెల మొదలు, 0 అయితే నెలాఖరు. అది రాయకుండా వదిలేస్తే షీట్ దాన్ని 0గా తీసుకుంటుంది, మీకు తెలియకుండానే నెలాఖరు లెక్క వచ్చేస్తుంది. ఇది మొదటి పొరపాటు. వెయ్యి ముందు మైనస్ గుర్తు మన జేబులోంచి పోయే డబ్బు అని చెప్పడానికి. అది పెట్టకపోతే జవాబే మైనస్‌లో వస్తుంది, కంగారు పడకండి.

రెండో పొరపాటు పెద్దది. పీపీఎఫ్‌కు కూడా అదే దారిలో `0.071/12`, `180` అని వేసేస్తారు. షీట్ నెలనెలా వడ్డీ అసలులో కలుస్తుందనుకుని 16.08 లక్షలు చూపిస్తుంది. అసలు వచ్చేది 15.78 లక్షలు. తొమ్మిది వేల తేడా తేల్చడానికి కూర్చుని ముప్పై వేల తప్పు చేసినట్టు. పీపీఎఫ్‌కు ఏడాది లెక్కే వేయాలి:

```
=FV(0.071,15,-(60000+5000*0.071*6.5))
=FV(0.071,15,-(60000+5000*0.071*5.5))
```

పైది ఐదు లోపు వేసేవారికి, కిందది ఐదు దాటాక వేసేవారికి. 6.5, 5.5 మనం పైన చూసిన ఆరున్నర, ఐదున్నర ఏళ్లు. మీ కిస్తీని 5000 దగ్గర, దానికి పన్నెండు రెట్లు 60000 దగ్గర మార్చండి. పైసల దగ్గర పాస్‌బుక్‌తో ఒకటి రెండు రూపాయలు అటూ ఇటూ కావచ్చు.

నెలాఖరు వరస నుంచి మొదటి వరసలోకి మారడం

మా మరదలి జీతం ఏడునే పడుతుంది, దాన్ని ముందుకు జరపడం ఆమె చేతిలో లేదు. అలాంటప్పుడు ఐదు లోపు ఎలా వేయాలి? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జతలు కొట్టేసిన లెక్క గుర్తుంటే దారి కనిపిస్తుంది. రెండు వరసలకూ తేడా ఒక్క కిస్తీయే కాబట్టి, మారడానికి కావలసిందీ ఒక్క కిస్తీయే, అదీ ఒక్కసారే.

ఆమెకు ఇలా చెప్పాను. ఏప్రిల్ 5 లోపు వేయాల్సిన మొదటి ఐదు వేలు జీతంలోంచి కాకుండా సేవింగ్స్‌లో దాచిన డబ్బులోంచి వెయ్. ఏడున జీతం పడ్డాక తీసే ఐదు వేలు ఆ నెలవి కావు, మే నెలవి. వాటిని సేవింగ్స్‌లో ఉంచి మే ఒకటిన పీపీఎఫ్‌కు పంపు. మే జీతంలోంచి తీసినవి జూన్ ఒకటికి. ఇలా ప్రతి జీతమూ మరుసటి నెల కిస్తీ కడుతుంది. పదిహేనేళ్ల తర్వాత చివరి మార్చి కిస్తీ ఫిబ్రవరి జీతంలోంచే వెళ్లిపోతుంది కాబట్టి, మార్చి జీతంలో కిస్తీ ఉండదు. మొదట్లో సేవింగ్స్‌లోంచి తీసిన ఐదు వేలు ఆ రోజు తిరిగి చేతికొచ్చినట్టు.

"అయితే నాకు తొమ్మిది వేలు లాభం" అంది. పూర్తిగా కాదు. ఆ ఐదు వేలు సేవింగ్స్‌లోనే ఉంటే 2.5 శాతం చొప్పున పదిహేనేళ్లలో 2,240 దాకా వడ్డీ వచ్చేది. అది తీసేస్తే నికరంగా మిగిలేది 6,750 దగ్గర. అదే ఐదు వేలు ఏడు శాతం ఇచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను విరగ్గొట్టి తెస్తే దాదాపు ఏమీ మిగలదు. ఇక మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఐదో తారీఖు అందుకోవడం మాత్రం నష్టమే, అలా చేసినవాళ్లనూ చూశాను. ఇంట్లో ఊరికే పడి ఉన్న డబ్బుంటేనే ఈ మార్పు చేయండి.

నెలకు పన్నెండున్నర వేలు, అంటే ఏడాది పరిమితి లక్షన్నర నిండుగా కట్టేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. మార్చిలో వేయాల్సినది జారి ఏప్రిల్ ఒకటిన పడితే అది కొత్త ఏడాది ఖాతాలోకి పోతుంది. ఆ ఏడాది పదమూడు కిస్తీలై లక్షన్నర దాటుతుంది. దాటిన డబ్బుకు వడ్డీ రాదు.

తారీఖు ఐదు పెట్టకండి

నా అనుభవంతో చెబుతున్న మాట. నెలనెలా గుర్తుపెట్టుకోలేక నేను బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చాను, ఐదో తారీఖుకు. చివరి రోజు దాకా డబ్బు నా దగ్గరే ఉంటుందన్న తెలివి. 2025 అక్టోబర్ 5 ఆదివారమైంది. దసరా సెలవుల సందడిలో నేను చూసుకోలేదు. సోమవారం ఉదయం డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, తారీఖు ఆరు. నా ఐదు వేల కిస్తీకి ఆ నెల వడ్డీ పోయింది. బ్యాంకుకు వెళ్లి అడిగితే, సెలవు రోజున పడాల్సినది మరుసటి పనిదినాన పడుతుందని ఫారం వెనక ఉన్న షరతు చూపించారు. వాళ్ల తప్పు లేదు, చదవనిది నేను. పోయింది 29 రూపాయల 58 పైసలే గానీ ఆ రోజంతా మనసు మనసులో లేదు.

అప్పటి నుంచి ఒకటో తారీఖు పెట్టాను. ఒకటి, రెండు తారీఖులు సెలవైనా ఐదు లోపు ఒక పనిదినం ఉంటుంది. వేరే బ్యాంకు నుంచి పంపేవాళ్లయితే, మీ ఖాతాలో కట్ అయిన తారీఖు కాకుండా పీపీఎఫ్ ఖాతాలో జమ అయిన తారీఖు చూడండి. చెక్కు ఇచ్చేవాళ్లయితే నెల మొదటి రోజే ఇవ్వండి, అది క్లియర్ అయ్యే రోజులు కూడా ఈ ఐదులోనే సరిపోవాలి.

డబ్బు తీసేటప్పుడూ ఇదే నియమం ఎదురు తిరుగుతుంది. కనీస నిల్వ మీద వడ్డీ కదా, 28న లక్ష తీస్తే ఆ నెలంతా ఆ లక్ష లేనట్టే లెక్క. ఆగగలిగితే మరుసటి నెల ఒకటిన తీసుకోండి.

ఏప్రిల్‌లో పాస్‌బుక్ సరిచూసుకోండి

ఏడాది పొడవునా ఐదు లోపే పడిందో లేదో తెలుసుకోవడానికి ప్రతి ఎంట్రీ చూడనక్కర్లేదు. మార్చి 31న పడిన వడ్డీ ఒక్కటి చూస్తే చాలు. కిందటి ఏప్రిల్ 1 నాటి నిల్వను 7.1 శాతంతో గుణించండి. దానికి 2,307.50 కలపండి, ఐదు వేల కిస్తీకి. మీ కిస్తీ వేరైతే దాన్ని 0.4615తో గుణిస్తే ఆ అంకె వస్తుంది.

ఉదాహరణకు ఏప్రిల్ 1న 62,308 ఉందనుకోండి. దాని మీద వడ్డీ 4,423.87. రెండూ కలిపితే 6,731.37. పాస్‌బుక్‌లో 6,731 ఉంటే పన్నెండు కిస్తీలూ సమయానికి పడ్డాయి. 6,702 దగ్గర ఉంటే ఒక నెల ఐదు దాటింది, ఎందుకంటే ఒక్కో ఆలస్యానికి తగ్గేది 29.58. 6,643 దగ్గర ఉంటే మూడు నెలలు జారాయి. 355 తగ్గి 6,376 ఉంటే ఏడాదంతా నెలాఖరు వరసలోనే నడిచింది. మధ్యలో డబ్బు తీసినా, ఏదైనా కిస్తీ రెండు మూడు నెలలు ఆలస్యమైనా, ప్రభుత్వం రేటు మార్చినా ఈ కొలత పనిచేయదు. అప్పుడు నెల నెలా కూర్చుని వేయాల్సిందే.

మా మరదలి పాస్‌బుక్‌లో కిందటేడాది లెక్క సరిగ్గా 355 తక్కువే వచ్చింది. ఈసారి మొదటి ఐదు వేలు ఎక్కడి నుంచి తెచ్చావు అని అడిగితే, పండక్కి పట్టుచీర కోసం దాచినవట. చీర వచ్చే ఏడాది కొనుక్కుంటానంది, మా తమ్ముడు మాత్రం నా వైపు కొంచెం కోపంగానే చూశాడు.